‘సి’ మింగని సాధనలు

అవకలన సమీకరణాల పాఠంలో ఒక మాట బాగా పాతుకుపోయింది. dy/dx = f(x)g(y) రూపం కనబడిందా, g(y)తో భాగించు, రెండు వైపులా సమాకలనం చెయ్యి, చివర ఒక ‘సి’ తగిలించు, అదే సాధారణ సాధన. g(y) సున్నా అయ్యేచోట వచ్చే స్థిర సాధనల గురించి బెంగ అక్కర్లేదు, అవి ట్రివియల్, పైగా ‘సి’ వాటిని ఎలాగూ మింగేస్తుంది. ఇంటర్ రెండో ఏడాది క్లాసులో ఈ మాట వినిపిస్తుంది, ఎంట్రన్స్ కోచింగ్‌లో ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. దాన్నే వెంటబెట్టుకుని కేంబ్రిడ్జ్ దాకా వచ్చిన తెలుగు పిల్లలు ఇక్కడి సూపర్‌విజన్లకు రాసిచ్చే కాగితాల్లోనూ అదే వరస. ఇంగ్లండ్ స్కూళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఏమీ తక్కువ తినలేదు.

ఆ మాటను ఖండించే ముందు దాన్ని బలంగానే చెప్పాలి, ఎందుకంటే అంటున్నవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కాదు. వాళ్ల వాదన ఇది. y' = ky తీసుకోండి. సాధన y = Ce^(kx). C = 0 పెడితే y = 0 వచ్చేస్తుంది, ఏదీ పోలేదు. ఒకవేళ ఎక్కడైనా పోయినా, స్థిర సాధన అంటే ఒక అడ్డగీత, అందులో తెలుసుకోవలసింది ఏముంది? పైగా ప్రశ్నలో ఎప్పుడూ ఒక తొలి విలువ ఇస్తారు. y(0) = 3 అన్నాక y = 0 అనే గీత ఉన్నా లేకపోయినా మన జవాబు మారదు, ఎందుకంటే వేర్వేరు సాధనలు ఒకదాన్నొకటి తాకవు. ఇక పరీక్షలో ఉన్న సమయంలో ఇదంతా రాస్తూ కూర్చోవడం దండగ.

నాలుగు మాటలు. మొదటిది భ్రమ. రెండోది అవగాహన లోపం. మూడోదానిలో ఒక షరతు దాగి ఉంది, దాన్ని ఎవరూ బయటకు చెప్పరు. నాలుగోది లెక్క తెలియక చెప్పే లెక్క.

1. ‘సి’ మింగుతుందన్నది

y' = ky నే మళ్లీ చేద్దాం, ఈసారి ఒక్క మెట్టు కూడా దాటేయకుండా. yతో భాగించి సమాకలనం చేస్తే ln|y| = kx + c. అంటే y = ±e^c · e^(kx). ఇక్కడ c ఏ సంఖ్యైనా కావచ్చు కానీ e^c ఎన్నటికీ సున్నా కాదు. కాబట్టి ఈ లెక్క మనకిచ్చిన సాధనల్లో y = 0 లేనే లేదు. ఆ తర్వాత మనం చేసే పని ఏమిటంటే, ±e^c స్థానంలో C అని రాసి, ఆ C సున్నా కూడా కావచ్చని చడీచప్పుడు లేకుండా అనుమతి ఇచ్చేస్తాం. y = 0 సమీకరణాన్ని తృప్తిపరుస్తుందని విడిగా సరిచూస్తేనే ఆ అనుమతి చెల్లుతుంది. సరిచూడలేదు, అదృష్టం కలిసొచ్చింది, అంతే.

అదృష్టం కలిసిరాని చోటు చూడండి. y' = y². భాగిస్తే −1/y = x + c, అంటే y = −1/(x + c). ఇందులో c స్థానంలో ఏ సంఖ్య పెట్టినా y = 0 రాదు. అయినా y = 0 సాధనే, ఎడమవైపు సున్నా, కుడివైపు సున్నా. ‘సి అనంతానికి పోతే వస్తుంది కదా’ అంటారు కొందరు. అనంతం ఒక సంఖ్య కాదు. దాన్ని కూడా కలుపుకోవాలనుకుంటే ఆ మాట జవాబులో రాయాలి. రాయాల్సి వచ్చిందంటే ‘సి’ మింగలేదన్నట్టే.

ఇంతకన్నా బాగా బయటపడేది y' = y(1 − y)లో. ఇద్దరు విద్యార్థులు ఒకే లెక్క చేశారనుకోండి. ఒకరు y = 1/(1 + Ae^(−x)) అని రాశారు. ఇంకొకరు y = Be^x/(1 + Be^x) అని రాశారు. రెండూ సరైనవే, A = 1/B అనుకుంటే ఒకదాని నుంచి ఇంకొకటి వస్తుంది. కానీ మొదటి రూపంలో A = 0 పెడితే y = 1 దొరుకుతుంది, y = 0 దొరకదు. రెండో రూపంలో B = 0 పెడితే y = 0 దొరుకుతుంది, y = 1 దొరకదు. సమీకరణం ఒక్కటే, వక్రాలు అవే, పోయిన సాధన మాత్రం మారింది. మింగడం సమీకరణానికి ఉన్న గుణమే అయితే రాసే చేతిని బట్టి మారకూడదు. మారిందంటే అది మన రాతలో జరిగిన యాదృచ్ఛికం. యాదృచ్ఛికాన్ని పద్ధతిగా నేర్పకూడదు.

2. ట్రివియల్ అన్నది

ఈ మాటకు కేంబ్రిడ్జ్‌లోనే ఒక జవాబుంది. జె.బి.ఎస్. హాల్డేన్ 1923లో ఇక్కడ బయోకెమిస్ట్రీ శాఖలో చేరాడు. మరుసటి ఏడాది నుంచే ప్రకృతి వరణానికి గణిత సిద్ధాంతం కడుతూ వరుసగా పరిశోధన పత్రాలు వెలువరించాడు. ఒక జన్యురూపానికి మిగతావాటి కన్నా కొంచెం మేలు ఉంటే జనాభాలో దాని వాటా ఎంత వేగంగా పెరుగుతుంది అన్నది ఆయన ప్రశ్న. ఆ రకం సమీకరణాల్లో అన్నిటికన్నా సరళమైనది p' = sp(1 − p). p అంటే ఆ జన్యురూపం వాటా, s అంటే దానికున్న మేలు, కాలాన్ని తరాల్లో కొలుస్తాం.

చలరాశులను వేరుచేస్తే p = 1/(1 + Ae^(−st)), ఇక్కడ A = (1 − p₀)/p₀. మొదట్లో వాటా వెయ్యిలో ఒకటి, s = 0.01 అనుకోండి. A = 999. సగానికి చేరడానికి పట్టే కాలం ln 999ను 0.01తో భాగిస్తే వస్తుంది, అంటే సుమారు 691 తరాలు. చక్కటి జవాబు. ఇప్పుడు ఈ సూత్రం ఒక్కటే చేతిలో ఉన్నవాడిని అడగండి: చివరికి ఏమవుతుంది? A ఎంతైనా సరే, e^(−st) సున్నాకు పోతుంది, p ఒకటికి చేరుతుంది. ‘మేలు చేసే జన్యురూపం ఎప్పుడూ గెలుస్తుంది’ అంటాడు.

అది అబద్ధం. అసలు ఆ రూపం జనాభాలో పుట్టకపోతే, అంటే p₀ = 0 అయితే, అది ఎన్నటికీ సున్నాగానే ఉంటుంది. సూత్రాన్ని అడుగుదామంటే A విలువకే అర్థం లేదు. ప్రకృతి వరణం ఉన్నదాన్ని పెంచగలదు, లేనిదాన్ని పుట్టించలేదు, దానికి ఉత్పరివర్తన కావాలి. జీవశాస్త్రంలో ఇంత పెద్ద మాట సమీకరణంలో ఎక్కడుంది? p = 0 అనే స్థిర సాధనలో. భాగించేటప్పుడు జారిపోయింది సరిగ్గా అదే.

ఇక్కడి గణిత ట్రైపోస్ మొదటి ఏడాది అవకలన సమీకరణాల కోర్సులో వేరుచేయగల సమీకరణాల వెంటే సమతాస్థితి సాధనలు, వాటి స్థిరత్వం వస్తాయి. ఆ సమతాస్థితులు ఈ అడ్డగీతలే. వక్రాలు ఏ గీత వైపు వస్తాయి, ఏ గీత నుంచి పారిపోతాయి అన్నది తెలిస్తే సమాకలనం చేయకుండానే సాధనల బొమ్మంతా గీయొచ్చు. p = 0 నుంచి వక్రాలు దూరం జరుగుతాయి, p = 1 వైపు వస్తాయి. ఆ రెండు గీతలూ లేకపోతే మిగిలే ఎస్ ఆకారపు వక్రం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోతుందో చెప్పడానికి ఆధారం ఉండదు.

3. సెయింట్ జాన్స్ కాలేజీ కుర్రాడి సమీకరణం

పైవాటిలో పోయిన గీతను మిగతా వక్రాలు కనీసం తాకవు. తాకే చోట ఏమవుతుందో చూడాలంటే మూడు వందల ఏళ్లు వెనక్కి పోవాలి. బ్రూక్ టేలర్ పేరు టేలర్ శ్రేణి వల్ల అందరికీ తెలుసు. ఆయన ఇక్కడి సెయింట్ జాన్స్ కాలేజీలో చదివాడు, 1709లో న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాడు. ఆ శ్రేణి అచ్చయిన పుస్తకం ‘మెథడస్ ఇంక్రిమెంటోరమ్’ 1715లో వచ్చింది. శ్రేణి గొడవలో పడి అదే పుస్తకంలోని మరో సమీకరణాన్ని మన పాఠ్యపుస్తకాలు పట్టించుకోలేదు. నేటి గుర్తుల్లో రాస్తే అది ఇలా ఉంటుంది:

(1 + x²)² (y')² = 4y³ − 4y²

చూడగానే వేరుచేయగలదిగా కనబడదు, y' మీద వర్గం ఉంది. కుడివైపు 4y²(y − 1) అని రాసి వర్గమూలం తీస్తే ముసుగు తొలగిపోతుంది:

y' = ± 2y√(y − 1)/(1 + x²)

xది ఒక ముక్క, yది ఒక ముక్క. ఇక మామూలు దారే. 2y√(y − 1)తో భాగిస్తాం. √(y − 1) = u అనుకుంటే y = 1 + u², ఎడమవైపు du/(1 + u²) మాత్రం మిగులుతుంది. కుడివైపు dx/(1 + x²). రెండూ ఆర్క్ టాన్‌లే. వర్గమూలం గుర్తు ఎలాగూ రెండు వైపులా పోగలదు కాబట్టి uను ఏ గుర్తుతోనైనా తీసుకోవచ్చు. arctan u = arctan x + స్థిరరాశి, దాని నుంచి u = (x + c)/(1 − cx). కాబట్టి

y = 1 + (x + c)²/(1 − cx)²

అందంగా వచ్చింది. c = 0 అయితే y = 1 + x². కావాలంటే తిరిగి పెట్టి చూసుకోండి, y' = 2x, ఎడమవైపు 4x²(1 + x²)², కుడివైపు 4(1 + x²)²·x². సరిపోయింది.

ఇప్పుడు ‘సి మింగేస్తుంది’ అన్నవాళ్లను పిలవండి. కుడివైపు సున్నా అయ్యేది y = 0 దగ్గర, y = 1 దగ్గర. రెండూ అసలు సమీకరణాన్ని తృప్తిపరుస్తాయి. y = 1 రావాలంటే (x + c)²/(1 − cx)² అన్ని x విలువలకూ సున్నా కావాలి. ఏ cకీ కాదు. cని అనంతానికి పంపినా y = 1 + 1/x² వస్తుంది, y = 1 రాదు. అంటే ఈసారి అనంతం కూడా ఆదుకోలేదు. y = 0 సంగతి సరేసరి, కుడివైపున్నది ఒకటికి తగ్గదు.

టేలర్ ఈ దారిలో వెళ్లలేదు. ఆయన y = (1 + x²)/v² అని మార్చాడు. అలా మార్చి సర్దుకుంటే మిగిలేది v² − 2xvv' + (1 + x²)(v')² = 1. దీన్ని సమాకలనం చేయడానికి బదులు ఇంకోసారి అవకలనం చేశాడు. పదాలు కొట్టేసుకోగా ఒక లబ్ధం సున్నాకు సమానమై నిలబడింది:

v'' · [(1 + x²)v' − xv] = 0

ఇక్కడ ఆయన ముందు రెండు దారులున్నాయి. బ్రాకెట్‌తో భాగించి పారేస్తే v'' = 0, అంటే v ఒక సరళరేఖ, v = a + bx. తిరిగి పెడితే a² + b² = 1 కావాలి. పైన మనకు వచ్చిన వక్రాల కుటుంబం అంతా అదే. మన కోచింగ్ పద్ధతి ఇక్కడ కింద గీత గీసి ‘సాధించబడినది’ అని రాసేది. టేలర్ బ్రాకెట్‌ను కూడా సున్నా చేసి చూశాడు. (1 + x²)v' = xv నుంచి v² = 1 + x², అంటే y = 1. ఈ సాధన కుటుంబంలోకి ఇమడదని గమనించి, దానిని విడిగా చూపి, ప్రత్యేకమైనదిగా పేర్కొన్నాడు. గణిత చరిత్రలో ‘సింగ్యులర్ సొల్యూషన్’ అనే అంశం మొదలయ్యేది ఆ పేజీలోనే. క్లెరో 1734లో ఇలాంటివే చూపాడు, లగ్రాంజ్ 1774లో ఇది వక్రాలన్నిటినీ తాకుతూ పోయే గీత అని జ్యామితి అర్థం చెప్పాడు. ఇంత కథకు మూలం ఒక్క కారణాంకంతో భాగించకుండా ఆగడం.

నిజం చెప్పాలంటే టేలర్ మార్పిడిలోనూ ఒక చిల్లు ఉంది. y = (1 + x²)/v² అని రాసిన క్షణంలోనే y = 0కి చోటు లేకుండా పోయింది, v ఎంత పెద్దదైనా ఆ భిన్నం సున్నా కాదు. కేవలం భాగహారమే కాదు, చలరాశిని మార్చడం కూడా సాధనను జారవిడవగలదు. సమీకరణాన్ని మొదటి రూపంలో ఉండగానే దాని సున్నాలను రాసి పెట్టుకోవడం అందుకే మంచిది.

ఒక పక్క మాట. టేలర్ రాసింది న్యూటన్ చుక్కల గుర్తులతో. కేంబ్రిడ్జ్ ఆ చుక్కలను వందేళ్ల పాటు వదల్లేదు. 1812లో బాబేజ్, హెర్షెల్, పీకాక్ వంటి విద్యార్థులు ఎనలిటికల్ సొసైటీ పెట్టి లైబ్నిజ్ dy/dx కోసం పోరాడారు. 1817లో పరీక్షాధికారిగా ఉన్న పీకాక్ ఆ గుర్తులతోనే ప్రశ్నలిచ్చాడు. వాళ్లు చేసింది మంచి పనే, సందేహం లేదు. కానీ dyని ఇటు, dxని అటు జరపడం ఎంత సుఖంగా సాగిపోతుందంటే, ఆ జరపడంలో ఒక భాగహారం ఉందన్న స్పృహే చేతికి ఉండదు. నేటి పిల్లల తప్పులో ఆ సుఖానికి కొంత వాటా ఉందని నా అనుమానం.

4. తొలి విలువ తేల్చేస్తుందన్నది

అవతలి పక్షం వాదనలో గట్టిది ఇదే. వేర్వేరు సాధనలు తాకవు, కాబట్టి స్థిర సాధన మీద లేని బిందువు దగ్గర బయల్దేరితే అది మనకు అడ్డం రాదు అంటారు. సాధనలు తాకవన్న సిద్ధాంతానికి ఒక షరతు ఉంది. g(y) ఆ సున్నా దగ్గర సాఫీగా ఉండాలి, దాని వాలు హద్దు మీరకూడదు. y² గానీ, y(1 − y) గానీ ఆ షరతును పాటిస్తాయి. √(y − 1) పాటించదు, y ఒకటికి దగ్గరపడే కొద్దీ దాని వాలు అనంతానికి లేస్తుంది.

మాటలతో కాదు, టేలర్ సమీకరణంతోనే చూద్దాం. x = 0 దగ్గర y = 2, అక్కడి వాలు −4 అనుకోండి. ఎడమవైపు 16, కుడివైపు 4·8 − 4·4 = 16, కాబట్టి ఇవి కుదురుతాయి. y = 2 అంటే స్థిర సాధనకు ఒక యూనిట్ పైన ఉన్నాం. c = −1 పెడితే y = 1 + (x − 1)²/(1 + x)². వక్రం దిగుతూ వచ్చి x = 1 దగ్గర సరిగ్గా y = 1ని తాకుతుంది. అక్కడ వాలు కూడా సున్నా. గీతను ఒరుసుకుని నిలబడింది.

ఇక్కడి నుంచి ఎటు వెళ్లాలి? సూత్రం చెప్పినట్టు మళ్లీ పైకి లేవొచ్చు, అప్పుడు x = 3 దగ్గర y = 1 + (2/4)² = 1.25. లేదా y = 1 గీత మీదే ఎల్లకాలం ఉండిపోవచ్చు, అప్పుడు y(3) = 1. లేదా x = 2 దాకా గీత మీద నడిచి, అక్కడ c = −2 వక్రం ఎక్కి లేవొచ్చు, అప్పుడు u = (3 − 2)/(1 + 6) = 1/7, y(3) = 50/49. అతుకు పడిన ప్రతిచోటా y విలువలూ కలుస్తాయి, వాలులూ కలుస్తాయి, రెండూ సున్నా వాలే. కాబట్టి మూడూ నిక్కమైన సాధనలే. x = 2 బదులు ఇంకెక్కడ లేచినా మరొకటి. తొలి విలువ ఇచ్చారు, వాలు గుర్తు కూడా ఇచ్చారు, అయినా జవాబు ఒకటి కాదు, అనంతం. తేల్చేస్తుందన్నది తేల్చలేదు. పైగా ఈ అతికిన సాధనల్లో ఏ ఒక్కటీ ఒకే cతో ఆ సూత్రంలో దొరకదు. ‘సాధారణ సాధన’ అన్న పేరు పెట్టుకున్నంత మాత్రాన అది సాధనలన్నిటినీ కలుపుకున్నట్టు కాదు.

మరి ఎప్పుడు భయపడాలి, ఎప్పుడు అక్కర్లేదు? దీనికి ఒక పరీక్ష ఉంది, అది మనం ఎలాగూ చేసే సమాకలనంలోనే ఉంది. dy/g(y)ని సున్నా బిందువు దాకా సమాకలనం చేయండి. y' = ky లో 1/y సమాకలనం ln y, అది y సున్నాకు పోతే అనంతంలోకి జారుతుంది. అంటే వక్రం ఆ గీతను చేరడానికి అంతులేని ప్రయాణం కావాలి, ఎన్నటికీ తాకదు. ఇక్కడ స్థిర సాధనను రాయకపోతే జవాబు అసంపూర్ణం, కానీ మిగతా వక్రాలు సురక్షితం. టేలర్ సమీకరణంలో 1/(2y√(y − 1)) సమాకలనం arctan √(y − 1), అది y = 1 దగ్గర హాయిగా సున్నా అవుతుంది, పరిమితమే. కుడివైపు arctan x కూడా అంత దూరం ఇవ్వగలిగింది కాబట్టి వక్రం గీతను x = 1 దగ్గరే చేరిపోయింది. ఇలా పరిమితమైన చోట స్థిర సాధనను వదిలేస్తే మిగిలిన సాధనల కథ కూడా తప్పిపోతుంది.

5. సమయం దండగ అన్నది

ఈ మాట అనేవాళ్లు స్థిర సాధనల పరిశీలనను చివర్లో చేసే అదనపు పనిగా ఊహించుకుంటున్నారు. అది మొదట్లో చేసే పని, పైగా సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది. ఒక సమీకరణం వేరుచేయగలదని గుర్తించడం అంటే కుడివైపును కారణాంకాలుగా విడగొట్టడమే. g(y) అన్న కారణాంకం కాగితం మీద పడిన క్షణంలో దాని సున్నాలు కళ్లెదుటే ఉన్నాయి.

ఉదాహరణకు y' = xy + x − y − 1. చూపుకు కుప్పలా ఉంది. విడిపోతుందా లేదా అన్న అనుమానం ఉంటే నాలుగు బిందువుల పరీక్ష చేయొచ్చు. కుడివైపును h(x, y) అనుకుందాం. h రెండు ముక్కల లబ్ధమే అయితే h(0,0)·h(2,3), h(2,0)·h(0,3) సమానం కావాలి. ఇక్కడ −1·4, 1·(−4), రెండూ −4. అదే x + yకి చేసి చూడండి: h(1,1)·h(2,2) = 8, h(1,2)·h(2,1) = 9. కుదరలేదు, ఇక అది వేరుపడదు, వేరే పద్ధతి వెతుక్కోవాలి. ఒక్కసారి కుదిరినంత మాత్రాన రుజువైనట్టు కాదు, కానీ ఒక్కసారి కుదరకపోతే మాత్రం కచ్చితంగా కాదు. మొదటిది (x − 1)(y + 1)గా విడిపోతుంది. అక్కడే, ఆ వరుసలోనే, ‘y = −1 ఒక సాధన’ అని రాయాలి. ఆ తర్వాత y ≠ −1 అనుకుని భాగిస్తే ln|y + 1| = (x − 1)²/2 + c. అదనంగా ఖర్చయింది అర వరుస.

ఇంతకీ సున్నాలు రాయమంటే x = 1 కూడా సాధనే అని రాసేవాళ్లు బయల్దేరతారు. కాదు. x = 1 దగ్గర వాలు సున్నా అవుతుంది, అంతే. మనం వెతుకుతున్నది xకి yని ఇచ్చే ప్రమేయాన్ని, నిలువు గీత అలాంటిది కాదు. చూడాల్సింది yది అయిన కారణాంకాన్ని మాత్రమే. ఈ తేడా తెలియడానికైనా ఆ అర వరుస రాయించాలి.

కాబట్టి దిద్దేవాళ్లు మార్కులు ఎక్కడ వెయ్యాలో కూడా స్పష్టమే. భాగించే వరుసకు పక్కన g(y) = 0 సాధనలు లేకపోతే ఆ మెట్టుకు మార్కు లేదు, చివర ‘సి’ ఎంత అందంగా ఉన్నా సరే. ‘y = 0 అనేది C = 0 అయినప్పుడు వస్తుంది’ అని రాసినవారికి పూర్తి మార్కు, ఎందుకంటే వాళ్లు సరిచూశారు. ఇక y(0) = 2, y'(0) = −4 ఇచ్చి టేలర్ సమీకరణంలో y(3) ఎంత అని అడిగితే, 1.25 అని మాత్రమే రాసిన కాగితం తప్పు. y(3) అనేది 1 నుంచి 1.25 దాకా ఏ విలువైనా కావచ్చు.